ఆషాఢంలో పంపిన నోటీసు

నంద్యాలలో గాజులు వేయించుకునే ఆడవాళ్లకు పుష్పావతి చెయ్యి తెలుసు, నోరు ఇంకా బాగా తెలుసు. ఎంత బిగుతు గాజైనా మణికట్టు నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, నొప్పి తెలిసేలోపల ఎక్కించేస్తుంది. నొప్పి తెలిసిందని మూలిగితే మాత్రం ఊరుకోదు. "పెండ్లికి లేని నొప్పి గాజుకొచ్చిందా తల్లీ" అంటుంది. పదడుగుల వెడల్పు అద్దెగదిలో ఇరవై రెండేళ్లుగా ఆమె వ్యాపారం అదే. మొదట్లో భర్త విశ్వేశ్వరయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు, ఈమె గాజులు వేసేది. నాలుగేళ్ల కిందట ఆయన పోయాక రెండు పనులూ ఈమే చేసుకుంటోంది. ఏ పనీ ఆగలేదు.

ఆయన బతికుండగా ఆమె చెయ్యనిది ఒక్కటే, కాగితాల జోలికి పోవడం. విశ్వేశ్వరయ్య కూడా కాగితాల మనిషేమీ కాదు. సరుకు తెచ్చినా, ఇల్లు అద్దెకిచ్చినా నోటిమాటే. నోటితో చెప్పాక మళ్లీ రాసివ్వమని అడగడం ఎదుటివాడిని దొంగ అన్నట్టేనని ఆయన లెక్క. ఆ లెక్క పుష్పావతికీ ఒంటబట్టింది. ఈ కథలో ఆమెకు వచ్చిన తిప్పలన్నీ దానివల్లే వచ్చాయి.

ఆళ్లగడ్డలో ఆమెకు ఒక స్థలం ఉంది. హైవే నుంచి కాస్త లోపలికి, ఆరు సెంట్లు, మధ్యలో రేకుల షెడ్డు. విశ్వేశ్వరయ్య తండ్రి నుంచి వచ్చింది, ఆయన తర్వాత ఈమె పేరుకు మారింది. ఆ షెడ్డులో ఓబయ్య అనే శిల్పి పద్దెనిమిదేళ్లుగా అద్దెకుండి దేవుళ్లను చెక్కుతున్నాడు. ఎప్పుడు పోయినా గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు సగం తేలిన ఆంజనేయస్వాములు నిలబడి ఉంటారు.

పోయిన మాఘమాసంలో నంద్యాల గది యజమాని వచ్చి, గది అమ్మేస్తున్నానని చెప్పాడు. "ఇన్నేళ్లు నువ్వే ఉన్న్యావు కాబట్టి మొదలు నిన్నే అడుగుతాండా. దసరా దాకా ఆగుతా. ఆమైన, దసరా అయినాక, ఎవురొస్తే వాళ్లకిస్తా" అన్నాడు. మంచి మనిషే, కానీ దసరా అంటే దసరానే. గది పోతే దుకాణం పోయినట్టే. కొత్త వీధిలో కొత్త బోర్డు పెట్టుకుని యాభై మూడేళ్ల వయసులో మళ్లీ మొదటినుంచి పిలవాలి ఆడవాళ్లను. గది కొనాలంటే ఆళ్లగడ్డ స్థలం అమ్మాలి. వేరే దారి లేదు.

అమ్మిపెట్టేవాడి కోసం వెతుక్కునే పని కూడా లేకపోయింది. ఆళ్లగడ్డలో స్థలాల బ్రోకరు రాజశేఖర్ తనే వచ్చాడు. విశ్వేశ్వరయ్యను "అన్నా" అని పిలిచినవాడు, దినాల భోజనానికి వచ్చి వడ్డించినవాడు. "ఊర్లో ఉండే బ్రోకర్లందరి నోట్లో పడితే స్థలం పరువు పోతుందక్కా. నా ఒక్కని చేతికియ్యి. ఆర్నెల్లు" అన్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితాల మీద అచ్చేసి తెచ్చిన ఒప్పందం ముందర పెట్టాడు. ఆమె గాజులు సర్దుకుంటూనే, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఒక ప్రతి ఆమెకిచ్చి, ఒకటి తను తీసుకుని, మర్నాడే స్థలం గేటుకు ఇనుప బోర్డు బిగించాడు: అమ్మబడును, సంప్రదించండి రాజశేఖర్. మార్చి ఒకటి నుంచి ఆగస్టు ముప్పై ఒకటి దాకా ఆ స్థలం అమ్మే హక్కు అతనొక్కడిదే.

మూడు నెలల్లో రాజశేఖర్ తెచ్చిన బేరం ఒక్కటే. అదీ నవ్వొచ్చే ధర. తెచ్చిన మనిషి రాజశేఖర్ బావమరిది అని ఓబయ్య చెబితే గానీ ఆమెకు తెలియలేదు. వేరేవాళ్లు ఎవరైనా బోర్డు చూసి ఫోన్ చేస్తే, దారి తగాదా ఉందనో, అద్దెకున్నవాడు ఖాళీ చెయ్యడనో చెప్పి పంపించేవాడట. స్థలాన్ని అమ్మడానికి కాదు, అమ్ముడుపోకుండా కాపలా కాయడానికి తీసుకున్నాడు వాడు. దసరా దగ్గరపడి, ముసల్ది కాళ్లబేరానికి వస్తే బావమరిదికి కట్టబెట్టొచ్చునని వాడి ఎత్తు.

పుష్పావతి జూన్ నెలలో బస్సెక్కి ఆళ్లగడ్డ పోయింది. బస్టాండు దగ్గర మేడమీద రాజశేఖర్ ఆఫీసు. పోయి కూర్చుని, మొహాన్నే చెప్పింది.

"ఆగస్టుతో చాలప్పా. ఆమైన నా స్థలం సంగతి నేను చూసుకుంటా."

రాజశేఖర్ గొడవ పెట్టుకోలేదు. "సరేక్కా, నీ స్థలం, నీ ఇష్టం" అన్నాడు. కింది హోటల్ నుంచి కాఫీ తెప్పించి తాపించాడు. బస్సెక్కేదాకా వచ్చి సీటు కూడా పట్టిచ్చాడు. మాట అయిపోయిందనుకుంది ఈమె. చెప్పాను, సరే అన్నాడు, ఇంకేముంది అనుకుని గాజులు వేసుకుంటూ కూర్చుంది.

జూలైలో ఆషాఢం వచ్చింది. గాజుల దుకాణాలకు ఆషాఢం అంటే ఈగలు తోలుకునే కాలం. కొత్త కోడళ్లు పుట్టిళ్లలో ఉంటారు, పెండ్లిళ్లుండవు. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతాలకు మళ్లీ ఊపిరి తీసుకోవడానికి తీరదు. ఆ ఖాళీ రోజుల్లోనే ఒకనాడు ఓబయ్య నంద్యాల వచ్చాడు. చేతుల్లో రాతిపొడి ఇంకా అట్లాగే ఉంది.

"అమ్మా, స్థలం నాకు కావాలని ఉంది. దొర్నిపాడు కాడ మా అత్తోళ్లిచ్చిన చేని చెక్క అమ్మినాను, దుడ్లు చేతిలో ఉండాయి. రాజశేఖర్‌ని అడిగితే, నీ మొగానికి స్థలమెందుకురా అన్న్యాడు. నిన్న టేపు పట్టుకోనొచ్చి కొలుస్తాండాడు. ఆగస్టుతో నీ పనైపోయింది కదన్నా అంటే, ఫిబ్రవరి దాకా ఇది నా చేతిలోదే పోరా అన్న్యాడు."

పుష్పావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడే ఫోన్ చేసింది. రాజశేఖర్ గొంతు తేనె పూసినట్టుంది.

"అక్కా, ఆషాఢంలో ఆస్తి మాటలెందుకు? మీ ఇంట్లో ఎంత పట్టింపో నాకు తెల్దా? శ్రావణం రానీ, మంచి దినం చూసి కూచుందాం. నువ్వెట్ల అంటే అట్ల."

ఫోన్ పెట్టేశాక ఆమె మంట చల్లారింది. అదీ ఈ మనిషి పిచ్చితనం. ఆషాఢంలో ఆస్తి కాగితం ముట్టకూడదని ఈమె కాపురానికొచ్చిన ఏడాదే అత్తగారు చెప్పింది. ఆ ఇంట్లో ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారలేదు, అద్దె మాట కూడా ఖాయం చెయ్యలేదు. రాజశేఖర్ చెప్పింది సబబే కదా అనిపించింది. శ్రావణం దాకా ఆగుదామని ఓబయ్యకు చెప్పి పంపించింది. వాడు తలూపి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

పదిరోజులు ఆగింది. జూలై ఇరవై రెండు, సోమవారం నాడు దస్తావేజులు రాసే సంజీవయ్య దగ్గరికి పోయింది, అదీ గది కొనే సంగతి అడగడానికి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చిన్న బల్ల, పక్కన కంప్యూటరు పెట్టుకుని కూర్చునే మనిషి సంజీవయ్య. ముప్పై ఏళ్లుగా జనం కాగితాలు రాసి రాసి, మొహం కూడా కాగితంలాగే చదునుగా అయిపోయింది. స్థలం అమ్మితేనే గది, కొనేదానికి ఓబయ్య ఉన్నాడని ఆమె చెబితే, ఆ బ్రోకరు కాగితం ఏదీ అన్నాడు. సంచిలోంచి తీసిచ్చింది. సంజీవయ్య అద్దాలు పైకి నెట్టుకుని మొత్తం చదివాడు. ఏడో షరతు దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఇది చదివినావామ్మా?"

"చదవలేదన్నా. ఆయప్ప పెట్టమన్న కాడ సంతకం పెట్టినా."

సంజీవయ్య పైకి చదివాడు. గడువు ముగిసే తేదీకి కనీసం ముప్పై రోజుల ముందు, ఒప్పందాన్ని కొనసాగించడం లేదని యజమాని లిఖితపూర్వకంగా, రిజిస్టర్ పోస్టు ద్వారా తెలియజేయనిచో, ఈ ఒప్పందం ఇవే షరతులతో మరో ఆరు నెలలకు పొడిగింపబడినట్లే భావించవలెను.

"నోటితో చెప్పినా కదన్నా. సరే అన్న్యాడు. కాఫీ కూడా తాపినాడు."

"కాఫీ తాపితే ఏమైందమ్మా. లిఖితపూర్వకంగా అని రాసినాడు. ఆ పొడిగించిన ఆర్నెల్లలో నువ్వే సొంతంగా ఎవరికన్నా అమ్ముకున్న్యా ఆయప్పకు కమీషన్ ఇయ్యాల్సిందే. ఆరో షరతు అదే." సంజీవయ్య గోడమీది క్యాలెండరు వైపు తిరిగాడు. "ఆగస్టు ముప్పై ఒకటికి గడువు. ముప్పై దినాల ముందర అంటే ఆగస్టు ఒకటి. ఆ లోపల నోటీసు ఆయప్పకు చేరాల. శ్రావణం ఎప్పుడు మొదులు?"

ఆమెకు క్యాలెండరు చూడక్కర్లేదు. గాజుల వ్యాపారస్తురాలు శ్రావణం తేదీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "ఆగస్టు అయిదు" అంది. శ్రావణం రానీ అక్కా అని ఎందుకన్నాడో అప్పటికి అర్థమైంది. నాలుగు రోజులు దాటించడానికి వాడు ఆమె అత్తగారి మాటనే తెచ్చి ఆమె కాళ్లకు అడ్డం వేశాడు. దినాల భోజనంలో వడ్డించిన చేత్తోనే.

"ఈ ఒప్పందం ఇప్పుడే తెంపేద్దాం" అంది.

"తెంపొద్దమ్మా. మధ్యలో తెంపితే నష్టపరిహారమని తిరుగుతాడు. గడువు దాకా ఉండనీ. గడువైనాక కొనసాగించేది లేదని మాత్రం ఇప్పుడు రాసి పంపిచ్చాల. అట్లయితే ఒప్పందం దానంతటదే అయిపోతుంది, నీమీద మాట రాదు." సంజీవయ్య కాస్త ఆగి, "మరి ఆషాఢం, నీకు పట్టింపు. సంతకం పెడతావా?" అన్నాడు.

పుష్పావతి అత్తగారు పోయి పదకొండేళ్లు. అయినా ఆమె మాట దాటి ఆషాఢంలో ఒక్క కాగితం మీద కూడా చెయ్యి పెట్టలేదు ఇప్పటిదాకా. భయం లేదనడం అబద్ధం. తర్వాత తన మణికట్టు చూసుకుంది.

"గాజులు కొత్తగా వేసుకునేదానికి మంచి దినం చూస్తారు గానీ, చేతిలో గాజు పగిలితే తీసేదానికి ఎవరూ చూడరన్నా. రక్తం కారేలోపల తీసేస్తారు. ఇది మొదులు పెట్టే కాయితం కాదు. రాయి."

సంజీవయ్య రాశాడు. నోటీసు చాలా చిన్నది. ఫలానా తేదీన రాసుకున్న ఒప్పందం ఆగస్టు ముప్పై ఒకటితో ముగుస్తుంది, ఏడో షరతు ప్రకారం దానిని నేను కొనసాగించదలచుకోలేదు, ఆ తేదీ తర్వాత నా స్థలం అమ్మకంలో మీకెటువంటి హక్కూ ఉండదు, స్థలం వద్దనున్న మీ బోర్డు తీసివేయవలెను, గడువులోపల మీరు స్వయంగా తీసుకొచ్చి చూపిన కొనుగోలుదారులు ఎవరైనా ఉంటే వారి పేర్లు రాతపూర్వకంగా తెలుపవలెను. చివరి వాక్యం ఎందుకని ఆమె అడిగింది. వాడు తెచ్చిన మనిషికి గడువు దాటాక అమ్మినా ఆరు నెలల దాకా కమీషన్ వాడిదేనని తొమ్మిదో షరతు. ఎవరెవరు వాడు తెచ్చినవాళ్లో ఇప్పుడే తేలాలి. "ఇంకోటి. సెప్టెంబరు ఒకటి దాకా ఓబయ్యతో ధర మాట ఎత్తొద్దు. గడువు లోపల బేరం కుదిరిందంటాడు" అన్నాడు సంజీవయ్య.

రెండు ప్రతులు. ఒకటి కవర్లో పెట్టి, ఒప్పందంలో ఉన్న అడ్రసే అక్షరం తప్పకుండా రాసి, పెద్ద పోస్టాఫీసులో రిజిస్టర్ చేసి, సంతకం తిరిగొచ్చే కార్డు కూడా అతికించారు. రసీదును రెండో ప్రతికి పిన్ను కొట్టి ఆమె సంచిలో పెట్టుకుంది. బతుకులో మొదటిసారి ఒక రాతకాగితాన్ని నగలాగా దాచుకుంది.

బుధవారం రసీదు మీది నంబరుతో ఫోన్లో చూస్తే, కవరు అందలేదు, తలుపు మూసి ఉన్నది అని వచ్చింది. బస్టాండు దగ్గర మేడమీద ఆఫీసు పగలు మూసి ఉంటుందా? గురువారం రాజశేఖర్ నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి తేనె లేదు.

"ఏందీ, రిజిస్టర్ పోస్టు పంపిచ్చినావంట?"

"పంపిచ్చినా. తీసుకో."

"ఆషాఢంలో కాయితం రాసినావా? అన్న ఉన్నింటే ఇట్ల చేసుండేవాడా?"

"అన్న ఉన్నింటే నిన్ను వాకిట్లోనే నిలబెట్టుండేవాడు."

"నాకు కవరూ లేదు గివరూ లేదు. నేను ఊర్లో లేను. పదిదినాలు రాను. ఆగస్టు అయిదు దాటినాక మాట్లాడు." కట్ చేశాడు.

ఊర్లో లేనన్నవాడి ఫోన్ వెనక ఆళ్లగడ్డ బస్టాండు మైకు, కడప బస్సు అని అరుస్తోంది. పుష్పావతి శుక్రవారం పొద్దున్నే దుకాణానికి తాళం పెట్టి బస్సెక్కింది. ముందు ఆళ్లగడ్డ పోస్టాఫీసుకు పోయి, ఆ వీధికి టపా తీసుకుపోయేది ఎవరు, ఎన్ని గంటలకు అని అడిగింది. కృపావరం అనే పోస్ట్‌మ్యాన్, పదకొండు ప్రాంతంలో. పదిన్నరకు రాజశేఖర్ ఆఫీసు మెట్లెక్కింది. తలుపు బార్లా తెరిచే ఉంది. రాజశేఖర్ లోపల కూర్చుని బావమరిదితో పకపకలాడుతున్నాడు. ఆమెను చూసి నవ్వు ఆపాడు.

"ఊర్లో లేనంటివి?"

"ఇప్పుడే వచ్చాండా."

ఆమె గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. తలుపు మూసి ఉంది అని ఇంకోసారి రాయాలంటే ఇప్పుడు ఆమెను కుర్చీతో సహా ఎత్తి బయట వెయ్యాలి. రాజశేఖర్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఏం పనిమీద వచ్చినావ్?"

"ఊరికే. ఎండ ఎక్కువుంది, కూచున్న్యా."

"అక్కా, మర్యాదగా చెప్తాండా. నేను కాదన్న స్థలం ఈ ఊర్లో ఎవుడు కొంటాడో చూస్తా. నీ ఓబయ్యకు రాయి తోలే ట్రాక్టరు కూడా రాదు."

"చూడప్పా. నీకు కండ్లుండాయి, చూడు."

బావమరిది నెమ్మదిగా జారుకున్నాడు. అరగంట సేపు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఫ్యాను టకటకమంటోంది. రాజశేఖర్ రెండుసార్లు సెల్లు తీసి, ఎవరికో చెయ్యబోయి మానుకున్నాడు. పదకొండుంబావుకు మెట్లమీద చెప్పుల చప్పుడైంది. కృపావరం ఖాకీ సంచితో వచ్చి, బుధవారం తిరిగి తీసుకుపోయిన కవరే తీశాడు.

"రాజశేఖర్ అన్నా, రిజిస్టర్. నంద్యాల నుంచి. ఈడ సంతకం."

రాజశేఖర్ కవరు వైపు చూశాడు, పుష్పావతి వైపు చూశాడు. తీసుకుంటే నోటీసు అందినట్టే. తీసుకోకపోతే అందలేదని వాడి లెక్క. ఎన్నో కాగితాలు చూసినవాడు, ఈ ఒక్కటి చూడలేకపోయాడు. కోపం కళ్లకు అడ్డం పడింది.

"నాకొద్దు. తిప్పి పంపు. రాసుకో, తీసుకోనన్న్యాడని."

"తీసుకోనని రాయమంటావా?"

"రాయి మళ్లా. పెద్దక్షరాలు."

కృపావరం కవరు గోడకానించి, చిరునామాదారుడు తీసుకోవడానికి నిరాకరించాడు అని రాసి, తేదీ వేసి, తన పొట్టి సంతకం పెట్టాడు. జూలై ఇరవై ఆరు. పుష్పావతి ఆ తేదీ రాయడం కళ్లారా చూసింది. లేచి సంచి చంకన పెట్టుకుని, మెట్లు దిగింది. తిట్టాలనిపించింది. నంద్యాల దాకా బస్సులో మనసులోనే తిట్టుకుంటూ వచ్చింది.

మంగళవారం కవరు ఆమె దుకాణానికి తిరిగొచ్చింది. సంజీవయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ చదును మొహంలో మొదటిసారి నవ్వు తెచ్చుకున్నాడు. "మనిషి లేడని వచ్చింటే కొంచెం లాగే పనుండేది. ఎదురుగా ఉండి వద్దన్న్యాడు అంటే చేతికిచ్చినట్టే. చట్టం అట్లనే చూస్తుంది. విప్పొద్దమ్మా ఇది. ఎవరు విప్పమన్న్యా విప్పొద్దు." ఆమె దాన్ని రెండున్నర అంకె గాజుల అట్టపెట్టెలో పెట్టి, పై అరలో దాచింది. శ్రావణం వచ్చింది, జనం విరగబడ్డారు, చేతులు నొప్పులు పుట్టాయి. రోజూ రాత్రి దుకాణం కట్టేముందు ఆ పెట్టె తడిమి చూసుకునేది.

సెప్టెంబరు ఒకటి ఆదివారం. మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయింది. ఓబయ్య దగ్గర పానా అడిగి తీసుకుంది. "నేను తీస్తాలేమ్మా" అన్నాడతను. "నువ్వు ముట్టొద్దు. నా గేటు" అంది. నాలుగు బోల్టులు, తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. బిగుతు గాజులతో నలిగిన చెయ్యి అది, పదినిమిషాల్లో నాలుగూ ఊడదీసింది. బోర్డు ఆటోలో వేయించుకుని రాజశేఖర్ ఆఫీసు మెట్ల దగ్గర, అక్షరాలు వీధికి కనబడేటట్టు ఆనించి వచ్చింది. అప్పుడు, ఆంజనేయస్వామి పక్కన రాతిమొద్దు మీద కూర్చుని, ఓబయ్యతో ధర మాట్లాడింది. గంటలో తేలిపోయింది. మహాలయ పక్షం రాకముందే, పదకొండో తేదీ బుధవారం రిజిస్ట్రేషన్ అనుకున్నారు.

ఆ రోజు ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో వీళ్ల టోకెను కోసం నిలబడి ఉంటే రాజశేఖర్ వచ్చాడు. చేతిలో ఒక కాగితం. ఆమెను పలకరించలేదు. నేరుగా ఓబయ్య దగ్గరికి పోయాడు.

"కొంటాండావా? కొను. నిన్ను ఈ బేరంలోకి తెచ్చింది నేను. చూడు, నేను చూపిచ్చిన వాళ్ల పట్టీ. మొదులు పేరు నీదే. నా కమీషన్ ఇయ్యకుండా రాయించుకుంటే ఇద్దర్నీ కోర్టు మెట్లెక్కిస్తా. పనులు మానుకోని పదేండ్లు తిరుగుతావ్."

ఓబయ్య మొహం పాలిపోయింది. రాతితో కొట్లాడేవాడే గానీ కోర్టు అంటే వాడికి వణుకు. "అమ్మా, ఈ పొద్దు ఆపుదామా?" అన్నాడు మెల్లగా. ఈ రోజు ఆగితే మహాలయం, మహాలయం అయితే దసరా, దసరాకు గది పోతుంది. ఇరవై రెండేళ్ల దుకాణం ఓబయ్య నోట్లో నుంచి రాబోయే మాట మీద వేలాడుతోంది. పుష్పావతికి మంట లేచింది, ఆ మంటే ఆమెను నిలబెట్టింది.

సంచిలోంచి ఒప్పందం తీసింది. మొదటి పేజీ ఓబయ్య కళ్లముందు పెట్టింది.

"చదువు. మార్చి ఒకటో తేదీ. స్థలం వివరం."

ఓబయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఆరు సెంట్ల ఖాళీ స్థలము, అందులో ఓబయ్య అను శిల్పి అద్దెకుంటున్న రేకుల షెడ్డుతో సహా.

"ఇది రాసిందెవరప్పా?" అని రాజశేఖర్ వైపు తిరిగింది. "నువ్వు నా దగ్గరికి రాకముందే ఆయప్ప నా షెడ్డులో ఉండాడని నువ్వే అచ్చేసి తెచ్చినావు. కింద నీ సంతకం. ఉండే మనిషిని నువ్వు యాడనుంచి తెచ్చినావు? కడుపులోనుంచా?"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజశేఖర్ మొహం నల్లబడింది. "గడువు తీరలే. ఫిబ్రవరి దాకా పొడిగింపుంది. నాకు ఏ నోటీసూ అందలే" అన్నాడు.

ఆమె కవరు తీసింది. సీలు పోలేదు. కృపావరం రాత అట్లాగే ఉంది. తేదీ అట్లాగే ఉంది. దాన్ని అతని కళ్లకు దగ్గరగా పట్టుకుంది, చేతికివ్వలేదు.

"పెద్దక్షరాలు రాయమన్న్యావు, రాసినాడు. దీన్ని జడ్జీ ముందర విప్పుదాం. నేనిప్పుడు విప్పను. పా, ఏ కోర్టుకు పోదాం?"

రాజశేఖర్ ఆ తేదీ చూశాడు. రెండుసార్లు చదివినట్టున్నాడు. చేతిలో పట్టీని నాలుగు మడతలు పెట్టాడు. లోపలి నుంచి గుమాస్తా పుష్పావతి పేరు పిలిచాడు. ఓబయ్య ఆమె మొహం చూసి, చొక్కా సర్దుకుని, తనే ముందుగా లోపలికి నడిచాడు. ఆమె వెనకే కదలబోతే రాజశేఖర్ గొంతు తగ్గించి అడ్డం వచ్చాడు.

"అక్కా, ఇన్నేండ్ల మంచితనం మనది. మాటతో పోయేదానికి ఇన్ని కాయితాలెందుకు చేసినావ్? ఒక్క మాట నోటితో చెప్పింటే నేను కాదంటానా?"

పుష్పావతి ఆగింది.

"చెప్పినా కదప్పా. జూన్‌లో, నీ ఆఫీసులోనే. సరే అంటివి. కాఫీ కూడా తాపిస్తివి."

అతను పక్కకు జరిగాడు. ఆమె లోపలికి పోయి, కాగితం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుకుని, సంతకం పెట్టింది.